శనివారం చాలని తువ్వాళ్లు

తిరుపతి బస్టాండు, రైల్వే స్టేషను చుట్టుపక్కల ఉండే మధ్యరకం హోటళ్లలో శనివారం మధ్యాహ్నం తరచూ ఒక ఇబ్బంది వస్తుంది. గది ఖాళీ అయింది. ఊడ్చి, బాత్రూమ్ కడిగారు. కింద రిసెప్షన్‌లో కొత్త కుటుంబం సామాను పక్కన పెట్టుకుని ఎదురుచూస్తోంది. అయినా గది ఇవ్వలేరు. పరుపు మీద వేయడానికి ఉతికిన దుప్పటి లేదు, దిండు కవర్లు లేవు. లెడ్జరు తీసి చూస్తే గదికి మూడు సెట్ల చొప్పున ఉన్నట్టే రాసి ఉంటుంది. ఆ లెక్కలో తప్పేమీ లేదు. బట్టలు నిజంగానే ఉన్నాయి, కొన్ని లాండ్రీలో, కొన్ని మెట్ల కింద సంచుల్లో, కొన్ని మరకతో పక్కన పడి.

హోటళ్లవాళ్లు దుప్పట్లు, దిండు కవర్లు, తువ్వాళ్లు అన్నిటినీ కలిపి లినెన్ అంటారు. అన్ని గదులనూ ఒక్కసారి పూర్తిగా సర్దడానికి ఎంత లినెన్ కావాలో అది ఒక పార్. 60 గదుల హోటల్ ఒకటి ఉందనుకుందాం. గదికి రెండు దుప్పట్లు (పరిచేది ఒకటి, కప్పుకునేది ఒకటి), రెండు దిండు కవర్లు, రెండు స్నానపు తువ్వాళ్లు. అంటే ఒక పార్‌కి ప్రతి రకంలోనూ 120 ఉండాలి. మరి ఎన్ని పార్లు కొనాలి? ఒకటి గదుల్లో, ఒకటి లాండ్రీలో, ఒకటి అల్మారాలో, మొత్తం మూడు అని చాలామంది చెబుతారు. మూడు ఎప్పుడు చాలుతుందో, ఎప్పుడు చాలదో తెలియాలంటే ఒక్క తువ్వాలు వెంట నడవాలి.

మన హోటల్ బయటి లాండ్రీకి వేస్తుంది. బండి రోజూ సాయంత్రం నాలుగింటికి వచ్చి మాసినవి తీసుకెళ్తుంది, మర్నాడు సాయంత్రం ఆరింటికి ఉతికినవి తెచ్చి దింపుతుంది. సోమవారం మధ్యాహ్నం గదిలోంచి తీసిన తువ్వాలు ఆ సాయంత్రమే వెళ్లి మంగళవారం రాత్రికి అల్మారాలోకి చేరుతుంది. మళ్లీ గదిలోకి వెళ్లేది బుధవారం. ఈ లోపల మంగళవారం మధ్యాహ్నం గదులు సర్దడానికి ఇంకో సెట్ కావాలి, గదుల్లో ఎప్పుడూ ఒక సెట్ ఉండాలి. మూడు పార్లతో ఇది నడుస్తుంది, కానీ అంగుళం కూడా సందు లేకుండా నడుస్తుంది. బండి ఒక్క పూట ఆలస్యమైతే ఆ మర్నాడు గదులు ఆగిపోతాయి.

తిరుపతి ఈ లెక్కకు రెండు చిక్కులు తెచ్చిపెడుతుంది. మొదటిది, ఇక్కడ చాలామంది గదిని నిద్రకు తీసుకోరు. తెల్లవారుజామున రైలు దిగి, గది తీసుకుని, స్నానాలు చేసి కొండెక్కుతారు. దర్శనం చేసుకొచ్చి సాయంత్రానికి ఖాళీ చేస్తారు. అదే గది రాత్రికి ఇంకొకరికి వెళ్తుంది. శని, ఆదివారాల్లో సగం గదులు ఇలా రెండుసార్లు మారాయనుకుంటే రోజుకు ఒక పార్ కాదు, ఒకటిన్నర పార్ ఖర్చవుతుంది. రెండో చిక్కు లాండ్రీ సెలవు. ఆదివారం మూసేసే లాండ్రీ అయితే శనివారం పంపినవి సోమవారం సాయంత్రానికి గానీ తిరిగి రావు.

ఇప్పుడు శనివారం పొద్దున్న అల్మారా ముందు నిలబడి కూడదాం. శనివారానికి ఒకటిన్నర, ఆదివారానికి ఒకటిన్నర, సోమవారం మధ్యాహ్నానికి ఒకటి, మొత్తం నాలుగు పార్లు చేతికి అందాలి. ఈ మధ్యలో బయటి నుంచి వచ్చేది శుక్రవారం పంపిన ఒక్క పార్ మాత్రమే, అది శనివారం సాయంత్రం వస్తుంది. కాబట్టి శనివారం ఉదయానికి అల్మారాలో మూడు పార్లు ఉండాలి. గదుల్లో ఒకటి, లాండ్రీలో ఒకటి కలిపితే ఐదు. బయటి లాండ్రీ మీద ఆధారపడే హోటళ్లకు ఐదు పార్లు ఉండాలని హౌస్‌కీపింగ్ చదువుల్లో చెప్పే అంకె ఇలాగే పుడుతుంది. అదే లాండ్రీ ఆదివారం కూడా పనిచేస్తే సోమవారం కోసం దాచిపెట్టాల్సిన పార్ అక్కర్లేదు, నాలుగుతో గడుస్తుంది. అంటే కొత్త బట్టలు కొనే ముందు యజమాని లాండ్రీవాళ్లతో కూర్చుని ఆదివారం బండికి ఎంత ఎక్కువ అడుగుతారో మాట్లాడుకోవాలి. ఒక పార్ కొనడానికయ్యే ఖర్చును ఆ ఎక్కువ మొత్తంతో పోల్చి చూస్తే ఏది మేలో తేలిపోతుంది.

ఐదు పార్లంటే యజమానులు ఉలిక్కిపడతారు. ఆ భయంలో సగం అనవసరం. తువ్వాలు అల్మారాలో ఉన్నందువల్ల అరగదు, ఉతికితే అరుగుతుంది. మంచి నూలు తువ్వాలు సుమారు 150 ఉతుకులు తట్టుకుంటుందనుకుందాం. సగటున రోజుకు 1.2 పార్లు వాడే హోటల్లో మూడు పార్లే ఉంటే ప్రతి తువ్వాలూ రెండున్నర రోజులకోసారి ఉతుక్కి వెళ్తుంది, ఏడాది తిరిగేసరికి దాని పని అయిపోతుంది. ఐదు పార్లుంటే నాలుగు రోజులకోసారి వెళ్లి ఏడాదిన్నర పైనే వస్తుంది. మొత్తం మీద అరిగే గుడ్డ రెండు పద్ధతుల్లోనూ ఒకటే. తేడా ముందుగా పెట్టే డబ్బులో, బట్టలు పెట్టుకునే చోటులో ఉంది. పైగా ఇస్త్రీ అయిన వెంటనే గదిలోకి వెళ్లకుండా ఒక రోజు అల్మారాలో సేదదీరిన నూలు బట్ట ఎక్కువ కాలం నిలుస్తుందని లినెన్ రూమ్‌లో పనిచేసేవాళ్లంతా చెబుతారు. ఒక్క షరతు. లాండ్రీ నుంచి వచ్చినవి దొంతర అడుక్కి వెళ్లాలి, గదులకు ఇచ్చేవి పైనుంచి తీయాలి. వచ్చినవి వచ్చినట్టు పైన పేర్చే చోట పైనున్న వంద తువ్వాళ్లే తిరుగుతూ చిరిగిపోతాయి, అడుగునున్నవి మడతల దగ్గర పసుపెక్కుతాయి.

సొంత లాండ్రీ ఉంటే పార్లు తగ్గుతాయి గానీ ఆటంకం ఇంకోచోట తేలుతుంది. 70 సెంటీమీటర్ల వెడల్పు, 140 పొడవు ఉన్న తువ్వాలు, చదరపు మీటరుకు 500 గ్రాముల రకమైతే, దాదాపు అర కిలో బరువుంటుంది. దుప్పట్లు, కవర్లు కూడా కలిపితే మన హోటల్ ఒక పార్ సుమారు 150 కిలోలు. 30 కిలోల యంత్రంలో 24 కిలోలకు మించి వేయకూడదు. కుక్కితే నీళ్లు మధ్యలోకి వెళ్లవు, మురికి వదలదు. అంటే రోజుకు ఆరేడు దఫాలు, వారాంతంలో పది దాకా. యంత్రం ఆ పని ఎలాగో చేసేస్తుంది, తువ్వాళ్లు ఆరడానికే సమయం చాలదు. అందుకని దుప్పట్ల కంటే ముందు తువ్వాళ్లు ఉతకాలి. అవి డ్రయ్యర్లో తిరుగుతుండగా దుప్పట్లు ఉతికి తడి పొడిగా ఉండగానే ఇస్త్రీ రోలర్ మీదకు పంపొచ్చు.

ఇక మరకలు. పార్ లెక్కను చడీచప్పుడు లేకుండా తినేసేవి ఇవే. రోజుకు పది దిండు కవర్లు మరక పోలేదని పక్కన పెట్టి, మళ్లీ ఉతికి తేవడానికి మూడు రోజులు పడితే, ఏ రోజు చూసినా 30 కవర్లు వాడకంలో ఉండవు. మన హోటల్లో అది పావు పార్. లెడ్జరులో అవి ఉన్నట్టే, దిండుకి మాత్రం లేనట్టే.

తిరుపతి దిండు కవరు మీది మరకకు ఒక ప్రత్యేకత ఉంది. కొండ మీద కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చినవాళ్లు గుండుకి గంధం రాసుకుంటారు. కొందరు అందులో పసుపు కలుపుతారు. కిందికొచ్చి అలసటతో అలాగే పడుకుంటారు. దిండు కవరు మీద గుండ్రని పసుపు అచ్చు పడుతుంది. దాని పక్కనే నుదుటి కుంకుమ, అప్పుడప్పుడూ మంగలి కత్తి గాటు నుంచి ఒకటి రెండు నెత్తురు చుక్కలు, పిల్లల తలకు రాసిన కొబ్బరి నూనె. ఒకే కవరు మీద నాలుగు మరకలు, నాలుగింటికీ వైద్యం వేరు.

నెత్తురుకు చన్నీళ్లే పడాలి. వేడి తగిలితే అందులోని మాంసకృత్తు గడ్డకట్టి నూలుపోగుకు అతుక్కుపోతుంది, ఆ తర్వాత గోధుమరంగు మచ్చను ఎవరూ తీయలేరు. ముందు చన్నీళ్లలో నానబెట్టి, మిగిలినదానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడాలి. నూనె దీనికి పూర్తిగా వ్యతిరేకం. వేడినీళ్లు, జిడ్డును విడగొట్టే సబ్బు లేకపోతే కదలదు. అందువల్ల వరస ముఖ్యం. చన్నీళ్లు ముందు, వేడి తర్వాత. మరకలున్న కవర్లను మిగతావాటితో కలిపి నేరుగా వేడినీళ్ల యంత్రంలో పడేసినప్పుడే నెత్తురు మరకలు శాశ్వతమవుతాయి.

పసుపు సంగతి ఇంకా చిత్రమైనది. దానికి రంగునిచ్చే కర్కుమిన్ నీళ్లలో కరగదు, అందుకే ఉత్త నీళ్లతో ఎంత రుద్దినా కదలదు. సబ్బునీళ్లు, వాషింగ్ సోడా లాంటి క్షారం తగలగానే ఎర్రగా మారుతుంది. కొత్తగా పనిలో చేరినవాళ్లు అది చూసి మరక ముదిరిందనుకుని బ్లీచింగ్ గుప్పిస్తారు. నిజానికి ఆ ఎరుపు ప్రమాదమేమీ కాదు, కడిగేకొద్దీ మళ్లీ పసుపుకు తిరుగుతుంది. ముందు ఎండిన పొడిని దులిపేయాలి, చన్నీళ్లతో జాడించాలి, ఆ తర్వాత సబ్బుతో ఉతకాలి. తెల్లని నూలు బట్ట అయితే కొలిచి వేసిన క్లోరిన్ బ్లీచ్‌లో గోరువెచ్చన దాటిన వేడిలో కొద్ది నిమిషాలు ఉంచాలి. ఇంకా లేత పసుపు మిగిలితే తడిగా ఉండగానే ఎండలో ఆరేయాలి. కర్కుమిన్ వెలుతురుకు నిలవదు, మధ్యాహ్నపు ఎండలో కంటి ముందే పాలిపోతుంది. రాయలసీమ ఎండ ఉచితంగా దొరుకుతున్నప్పుడు రెండోసారి బ్లీచ్ వేయడం బట్టను చేజేతులా చంపుకోవడమే. ఇస్త్రీ మాత్రం మరక పూర్తిగా పోయిందని చూశాకే చేయాలి.

కుంకుమ దగ్గర చిన్న పరీక్ష పనికొస్తుంది. సంప్రదాయ పద్ధతిలో పసుపుకు సున్నం పట్టించి చేసిన కుంకుమ మీద నిమ్మరసం చుక్క వేస్తే అంచు పసుపు రంగుకి తిరుగుతుంది. అలా తిరిగితే అది పసుపు మరకే, పైన చెప్పిన వైద్యమే సరిపోతుంది. ఎరుపు చెక్కుచెదరకపోతే అందులో కృత్రిమ రంగు ఉన్నట్టు. అలాంటి కవరును మిగతావాటికి రంగంటకుండా విడిగా నానబెట్టాలి, ఒకటి రెండు ప్రయత్నాల తర్వాత వదలకపోతే తీసేయాలి. ఐదారుసార్లు బ్లీచ్‌లో వేసి కాపాడిన కవరు గదిలోకి వెళ్లిన మొదటి వారమే కుట్టు దగ్గర చిరుగుతుంది.

బ్లీచ్ అతిగా వాడటమే మరకలకన్నా పెద్ద శత్రువని నేను అంటాను. క్లోరిన్ సరిగా జాడించకుండా ఉండిపోతే ఇస్త్రీ వేడికి నూలుపోగు పొడిబారి పలచబడుతుంది. ఉతుకుడు చివర కొద్దిగా ఆమ్లం కలిపి, మిగిలిన క్షారాన్ని విరిచే దశను ఖర్చు తగ్గించడానికి చాలా లాండ్రీలు ఎగ్గొడతాయి. దానికి గుర్తులున్నాయి. దుప్పటి ఇస్త్రీ తర్వాత లేత పసుపు తిరుగుతుంది, ఒంటికి గరుగ్గా తగులుతుంది, కొందరికి దురద పెడుతుంది. తుప్పు మరక ఉన్న బట్టకైతే బ్లీచ్ అసలు తగలకూడదు. ఇనుము ఉన్నచోట క్లోరిన్ పని వికటించి, కొన్నాళ్లకు మరక ఉన్నమేరా చిల్లు పడుతుంది. తుప్పుకు ఆక్జాలిక్ ఆమ్లం మందు, అది కూడా చేతులకు తొడుగులు వేసుకుని, తర్వాత బాగా కడిగి. బోరు నీళ్లలో ఇనుము ఎక్కువుంటే తెల్లబట్టలన్నీ కలిసికట్టుగా పాలిపోయిన గోధుమరంగులోకి వెళ్తాయి. అప్పుడు సరిచేయాల్సింది నీళ్లను.

వీటన్నిటికన్నా చవకైన ఉపాయం గదిలోనే ఉంది. గుండు చేయించుకున్న అతిథులకు ముదురు మెరూన్ రంగు చిన్న తువ్వాలొకటి, దిండు మీద పరుచుకోవడానికి, చెక్ ఇన్ అప్పుడే ఇస్తే తెల్ల కవర్లు చాలావరకు బతుకుతాయి. అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు. మొక్కు తీర్చుకొచ్చినవాళ్లకు అది మర్యాదగానే అనిపిస్తుంది. రెండో ఉపాయం సిబ్బందికి సంబంధించింది. ప్రతి రూమ్ బాయ్ చేతిలో సరిపడా పాత గుడ్డలు పెట్టాలి. గుడ్డ దొరకనప్పుడే తడి నేల తుడవడానికి మాసిన తువ్వాలు చేతికొస్తుంది. మార్బుల్ నేల మురికి, ఫినాయిల్ కలిసిన తువ్వాలు మళ్లీ గదికి పనికిరాదు. అతిథులు పాడుచేసే వాటితో పోటీపడేంతగా ఇలా పోతాయి.

పోయినవాటి లెక్క ఎలా తీయాలి? నెలకోసారి రాత్రి పది దాటాక, బండి కదలిక లేని వేళ, లినెన్ రూమ్, అంతస్తు అల్మారాలు, ట్రాలీలు, గదులు, మాసిన సంచులు, అన్నిచోట్లా ఒకే గంటలో లెక్కపెట్టాలి. ఉదయం ఒక అంతస్తు, సాయంత్రం ఇంకో అంతస్తు లెక్కపెడితే ఒకే తువ్వాలు రెండుచోట్ల కనబడుతుంది. తర్వాత లెక్క తేలికే. నెల మొదట్లో ఉన్నవాటికి కొత్తగా వచ్చినవి కలిపి, పనికిరావని తీసేసినవి తగ్గిస్తే ఉండాల్సిన సంఖ్య వస్తుంది. చేతికి దొరికినది దానికి ఎంత తక్కువో అంత లోటు.

మన హోటల్లో 600 తువ్వాళ్లతో నెల మొదలైంది. కొత్తవి కొనలేదు. 14 తీసేశారు. 586 ఉండాలి, లెక్కకు 559 వచ్చాయి. లోటు 27. చాలా హోటళ్లలో ఇక్కడే ఆగి అతిథులు పట్టుకుపోయారని రాసేస్తారు. ఆగకూడదు. ముందు లాండ్రీ పుస్తకం తీయాలి. పంపినవి, వచ్చినవి రోజువారీ కూడితే లాండ్రీలోనే 11 ఉండిపోయినట్టు తేలింది, ఆదివారం వెళ్లి తిరిగి రానివి. మిగిలింది 16. రిసెప్షన్ బిల్లుల్లో 4 తువ్వాళ్లకు అతిథుల దగ్గర డబ్బు వసూలైంది, ఆ సంగతి లినెన్ రూమ్‌కి ఎవరూ చెప్పలేదు. మిగిలింది 12. రెండో అంతస్తు అల్మారాలో తుడుపు గుడ్డలుగా చింపినవి 7 బయటపడ్డాయి. చిరిగినవే, కానీ తీసేసిన జాబితాలో రాయలేదు. చివరికి జాడ తెలియనివి 5. ఇరవై ఏడుకూ అయిదుకూ మధ్య తేడా మొత్తం కాగితాల్లో దొరికింది, ఒక్కరి సంచీ కూడా వెతకాల్సిన అవసరం రాలేదు. సిబ్బంది మీద అనుమానంతో మొదలుపెట్టే యజమానులు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. ఇలా వెతక్కుండా జీతంలో కోత వేస్తే చేయని తప్పుకు పేదవాడు డబ్బు కట్టినట్టవుతుంది. అది అన్యాయం.

లోటు ముందే తగ్గించడానికి ఒక నియమం చాలా పాతది, ఇప్పటికీ దాన్ని మించింది లేదు. మాసినది ఎన్ని ఇస్తే ఉతికినది అన్నే ఇవ్వాలి. రూమ్ బాయ్ 18 మాసిన తువ్వాళ్లు తెస్తే 18 ఉతికినవి తీసుకెళ్తాడు. హడావిడిలో 20 కావాలంటే ఆ రెండింటికి చీటీ రాసి సంతకం పెట్టాలి. రాత్రి షిఫ్టులో లినెన్ రూమ్ తాళం సెక్యూరిటీ దగ్గరుండి, ఎవరు పడితే వాళ్లు తీసుకెళ్లే చోట ఈ నియమం తెల్లారేసరికి చచ్చిపోతుంది. రాత్రికి కావాల్సినవి అంతస్తుకిన్ని అని ముందే లెక్కపెట్టి ఇచ్చేస్తే తాళం తీయాల్సిన పనే ఉండదు.

లాండ్రీ దగ్గర ఇంకో మోసం, లేదా పొరపాటు, సంఖ్యల్లో కనబడదు. వంద పంపితే వందా వస్తాయి, కానీ అందులో పది మీవి కావు, ఇంకో హోటల్ పాతవి. మీ కొత్తవి పది అటు వెళ్లాయి. దీనికి తువ్వాలు అంచున హోటల్ గుర్తుతో పాటు కొన్న సంవత్సరానికి ఒక రంగు దారం కుట్టించాలి, ఈ ఏడాదివి నీలం, కిందటేడువి ఆకుపచ్చ అని. దింపుకునేటప్పుడు ప్రతి కట్టలోంచి కొన్ని తీసి దారం చూస్తే చాలు. పెద్ద హోటళ్లు దీనికోసం బట్టలోనే కుట్టే చిన్న ఆర్‌ఎఫ్‌ఐడీ చిప్పులు వాడుతున్నాయి. సంచీ తెరవకుండానే లోపల ఏమేం ఉన్నాయో, ఒక్కోటీ ఎన్నిసార్లు ఉతుక్కి వెళ్లిందో యంత్రం చెప్పేస్తుంది. 60 గదుల హోటల్‌కు ఆ ఖర్చు తలకు మించింది. రంగు దారం, కార్బన్ కాగితం పుస్తకం, ఇద్దరి సంతకం ఉంటే అదే పని సాగుతుంది.

ఇంకో చోట కూడా లెక్క జారిపోతుంది, బట్టను పనికిరాదని తీసేసే చోట. అది ఒక్కరి ఇష్టం మీద ఉండకూడదు. హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరు, అకౌంట్స్ నుంచి ఒకరు వారానికోసారి కలిసి చూడాలి. తీసేసిన దుప్పటి మధ్య భాగం చిరిగినా అంచులు గట్టిగా ఉంటాయి, వాటిలోంచి దిండు కవర్లు కుట్టించుకోవచ్చు. తువ్వాళ్లు కోసి తుడుపు గుడ్డలు చేయొచ్చు. కోసేముందు వాటికి ముదురు రంగు వేయించాలి. లేకపోతే అవే మళ్లీ తెల్లవాటిలో కలిసిపోయి లెక్కలోకి వస్తాయి, ఒక రోజు అతిథి చేతికీ వస్తాయి. రంగు వేసిన రోజే లెడ్జరులో తగ్గించాలి.

ఇక ఆ అయిదు తువ్వాళ్లు. వాటిని నెలాఖరున పోయినవిగా రాసి మూసేయాలి, వచ్చే నెలకు మోసుకుపోకూడదు. అయితే ఎక్కడ పోయాయో అంతస్తు పేరుతో రాయాలి. మూడు నెలలు వరసగా ఒకే అంతస్తు దగ్గర లోటు కనిపిస్తే అక్కడ చూడాల్సింది తెలుస్తుంది. ఎక్కువసార్లు అది ఎవరి దొంగతనమూ కాదు, వెనక మెట్ల దగ్గర తాళం పడని తలుపో, మాసిన సంచులు రాత్రంతా ఆరుబయట ఉంచే అలవాటో అవుతుంది. బ్రహ్మోత్సవాలకు నెల ముందు ఈ లెక్క ఒకసారి తీసి, లోటు మేరకు కొత్తవి తెప్పించి, వాడకంలో పెట్టేముందు ఒకసారి ఉతికించుకోవాలి. కొత్త తువ్వాలుకు మిల్లులో పట్టించిన గంజి, మెత్తదనం పూత పోయేదాకా అది నీళ్లు పీల్చదు, గుండు తుడుచుకున్న భక్తుడి తల తడిగానే ఉంటుంది.